90 రోజుల నోటీసు, చేతిలో ఆఫర్ లేదు: ఇవాళే మానేయాలా, ఆగాలా?

ఒంగోలు_మియాపూర్ | 14 డిసెంబర్ 2023, ఉదయం 6:20

షిఫ్ట్ అయ్యి ఇప్పుడే రూమ్‌కి వచ్చాను. పడుకున్నా నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను. పెద్దవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.

నాకు 31 ఏళ్ళు. గచ్చిబౌలి వైపు ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీలో చేస్తున్నాను. అమెరికా హాస్పిటళ్ళ క్లెయిములు ఇన్సూరెన్స్ వాళ్ళు తిప్పి కొడితే వాటిని సరిచేసి మళ్ళీ పంపే టీమ్ మాది. తొమ్మిది మందికి లీడ్‌ని. సాయంత్రం 7:30 నుంచి తెల్లవారుజామున 4:30 దాకా షిఫ్ట్, వారానికి ఆరు రోజులు. మొన్న ఏప్రిల్‌లో మేనేజర్ మారాడు. అప్పటి నుంచి షిఫ్ట్ అయ్యాక గంటసేపు కాల్ పెడతాడు. ఎవరెవరు ఏం తప్పు చేశారో పేర్లతో సహా గ్రూప్‌లో పెడతాడు. నా టీమ్‌లో పిల్ల చేసిన తప్పుకి నన్ను అందరి ముందూ నిలబెట్టి చదివిస్తాడు. సెలవు రోజు ఫోన్ ఎత్తకపోతే, "నీకు పెళ్ళి కాలేదు కదా, ఇంట్లో ఏం పని" అంటాడు. పై వాళ్ళకి మెయిల్ పెట్టాను. "ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అన్నారు.

సెప్టెంబర్ నుంచి మూడు, నాలుగు గంటలకు మించి నిద్ర లేదు. లాగిన్ అయ్యే టైమ్‌కి గుండె దడ మొదలవుతుంది. పోయిన నెల క్లినిక్‌కి వెళ్తే బీపీ 152/98 వచ్చింది. వారం తర్వాత మళ్ళీ చూస్తే 150/96. టాబ్లెట్ మొదలుపెట్టారు.

డబ్బు సంగతి: చేతికి 58,000 వస్తుంది. అద్దెలో నా వాటా 14,000, పర్సనల్ లోన్ ఈఎంఐ 11,500, ఇంటికి 10,000, మిగతా ఖర్చులు 12,500 దాకా. మొత్తం 48,000. బ్యాంకులో 1,90,000 ఉంది. అమ్మానాన్న ఒంగోలులో ఉంటారు, వాళ్ళిద్దరూ నా కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. నాన్నకి షుగర్. అమ్మకి రెండు కళ్ళలో శుక్లాలు, ఆపరేషన్ చేయించాలి. నోటీసు 90 రోజులు. వేరే ఆఫర్ లేదు. వెతకడానికి ఓపిక కూడా ఉండడం లేదు.

ఇవాళే మానేయాలని ఉంది. భయంగానూ ఉంది.

---

కొండాపూర్_బస్ | 14 డిసెంబర్ 2023, ఉదయం 9:05

అక్కా, రేపటి నుంచి వెళ్ళకు. నోటీసు పీరియడ్ అనేది చట్టం కాదు, వాళ్ళు రాసుకున్న కాగితం. బలవంతంగా పని చేయించే హక్కు ఎవరికీ లేదు. లాప్‌టాప్ కొరియర్ చేసెయ్, మెయిల్ పెట్టెయ్, ఫోన్ ఆపెయ్. నా ఫ్రెండ్ ఒకడు అలాగే చేశాడు, ఏమీ కాలేదు. పీఎఫ్ మొత్తం తీసుకుంటే ఆరు నెలలు గడిచిపోతాయి. ఆరోగ్యం పోయాక డబ్బు ఎందుకు?

---

జీతాల_విభాగం | 14 డిసెంబర్ 2023, మధ్యాహ్నం 1:30

అమ్మా, నేను హైదరాబాద్ కంపెనీల్లో 17 ఏళ్ళు పేరోల్ చూశాను. ఇప్పుడు మానేశాను, అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పగలను.

పై తమ్ముడు చెప్పిన దానిలో సగం నిజం ఉంది. నిన్ను బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి పని చేయించలేరు, అది నిజం. కానీ నోటీసు ఇవ్వకుండా పోతే, ఆ నోటీసుకు బదులు డబ్బు కట్టమని అడిగే హక్కు నీ అపాయింట్‌మెంట్ లెటర్ వాళ్ళకి ఇస్తుంది. మామూలుగా చివరి సెటిల్‌మెంట్‌లో కోసుకుంటారు. చాలకపోతే మిగిలింది కట్టమని మెయిల్ పెడతారు, కట్టేదాకా రిలీవింగ్ లెటర్ ఆపుతారు. కోర్టుకు వెళ్ళినవాళ్ళు నా అనుభవంలో బాగా తక్కువ. అసలు దెబ్బ వేరే చోట తగులుతుంది. ఫోన్ ఆపేసి మాయమైతే రికార్డులో "అబ్‌స్కాండింగ్" అని రాస్తారు. మీ బిల్లింగ్ ఫీల్డులో రేపు చేరబోయే కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తుంది, అక్కడ ఆ మాట బయటపడుతుంది. వాళ్ళ ఫ్రెండ్‌కి ఏమీ కాలేదంటే, తర్వాతి కంపెనీ ఆరా తీయలేదని అర్థం.

మూడు విషయాలు చెప్పు, అప్పుడు లెక్క వేద్దాం. ఏ తేదీన చేరావు? లెటర్‌లో నోటీసుకు బదులు బేసిక్ అని ఉందా, గ్రాస్ అని ఉందా? నీ బేసిక్ ఎంత?

---

డాలస్_నుంచి | 14 డిసెంబర్ 2023, సాయంత్రం 6:50

నాదీ ఇదే బాధ, కాకపోతే ఇక్కడ హెచ్1బి మీద ఉన్నాను. మానేస్తే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి 60 రోజులే టైమ్. ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్. మేనేజర్ అరిచినా వింటున్నాను. మీకు కనీసం వీసా గొడవ లేదు చెల్లీ, ధైర్యంగా మానేయండి.

---

నల్లకుంట_67 | 14 డిసెంబర్ 2023, రాత్రి 8:15

అందరూ లెక్కలు చెప్తారు. నేను నా సంగతి చెప్తాను.

2018లో నాది కూడా ఇలాంటి ఆఫీసే. మార్చి బోనస్ వచ్చేదాకా ఆగుదాం అనుకున్నాను, ఏడు నెలలు ఆగాను. లిఫ్ట్‌లో ఊపిరి అందక కూర్చుండిపోయేవాడిని. ఒకరోజు మెహదీపట్నం దగ్గర బండి నడుపుతూ చేతులు వణికి పక్కకి ఆపేశాను. ఎవరో ఆటో అతను హాస్పిటల్‌లో దింపాడు. గుండె బాగానే ఉంది, పానిక్ అటాక్ అన్నారు. ఆ తర్వాత పది నెలలు ఏ పనీ చేయలేకపోయాను. బోనస్ 80,000 వచ్చింది. పది నెలల జీతం పోయింది, మందులకి, డాక్టర్‌కి అయిన ఖర్చు వేరే. ఇప్పటికీ ఒంటరిగా బండి మీద దూరం వెళ్ళను.

ఆగమని సలహా ఇచ్చేవాళ్ళు నీ ఒంట్లో ఉండరమ్మా. ఒళ్ళు ఇప్పటికే చెప్తోంది.

---

ఒంగోలు_మియాపూర్ | 15 డిసెంబర్ 2023, ఉదయం 6:45

అందరికీ థాంక్స్. నల్లకుంట అన్నా, మీరు రాసింది చదివి ఏడుపొచ్చింది.

జీతాల విభాగం అక్కా, చేరింది 12 జూలై 2019. బేసిక్ 26,000. గ్రాస్ 65,000. లెటర్ ఇప్పుడే తీసి చూశాను. నోటీసు ఇవ్వకపోతే "మూడు నెలల గ్రాస్ జీతం" అని ఉంది. ఇన్నేళ్ళలో ఆ పేజీ చదవనే లేదు.

---

జీతాల_విభాగం | 15 డిసెంబర్ 2023, ఉదయం 11:10

ఆ ఒక్క మాటే నీ కథ మార్చేస్తోంది. బేసిక్ అయితే 78,000తో పోయేది. గ్రాస్ కాబట్టి 1,95,000. నీ బ్యాంకులో ఉన్నది 1,90,000. అంటే ఇవాళ లేచి వచ్చేస్తే, కాగితం మీద నీకు మిగిలేది ఏమీ లేదు. మాట్లాడి తగ్గించుకోవచ్చు, మొత్తం వసూలు చేయకపోవచ్చు కూడా, కానీ దాన్ని నమ్ముకుని అడుగు వేయకూడదు.

ఇంకొకటి నువ్వు రాయలేదు, బహుశా ఆలోచించి ఉండవు. గ్రాట్యుటీ. చట్టంలో ఐదేళ్ళు అని ఉంటుంది. కానీ నాలుగేళ్ళు నిండి, ఐదో ఏట 240 రోజులు పూర్తయితే ఐదేళ్ళ కిందే లెక్క అని 1996లో మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది. నీకు నాలుగేళ్ళు ఈ జూలైకి నిండాయి. అక్కడి నుంచి 240 రోజులు అంటే 2024 మార్చి 8 దాకా. ఇప్పుడు రాజీనామా పెడితే 90 రోజుల నోటీసు మార్చి మధ్యకి అవుతుంది. అంటే నోటీసు పూర్తి చేస్తే ఆ గీత దాటతావు.

గ్రాట్యుటీ అంటే ఏడాదికి 15 రోజుల బేసిక్, నెలను 26 రోజులుగా తీసుకుని. నీ 26,000కి ఏడాదికి సరిగ్గా 15,000 పడుతుంది. ఐదేళ్ళకి 75,000.

ఇప్పుడు రెండు దారులూ పక్కపక్కన పెట్టు. నోటీసు చేసి వెళ్తే మూడు నెలల జీతం 1,74,000 వస్తుంది, గ్రాట్యుటీ 75,000 అడగొచ్చు, 1,95,000 కట్టే పని లేదు. తేడా నాలుగు లక్షల నలభై నాలుగు వేలు. నీ ఖర్చుకి అది తొమ్మిది నెలల బతుకు.

ఒక జాగ్రత్త. ఆ 240 రోజుల సంగతి అన్ని కంపెనీలూ తలొంచి ఒప్పుకోవు. కొందరు వారాంతపు సెలవులు తీసేసి, పని చేసిన రోజులే లెక్కపెడతారు. అలా అయితే నీకు ఏప్రిల్ మధ్య దాకా అవుతుంది. ఇంకొందరు ఐదేళ్ళు నిండాల్సిందే అంటారు. కాబట్టి 75,000ని చేతిలో డబ్బుగా చూడకు, గట్టిగా అడగగలిగే డబ్బుగా చూడు.

నేను చెప్పేది "ఆఫర్ వచ్చేదాకా ఆగు" అని కాదు. ఆఫర్ లేకుండానే ఇవాళ రాజీనామా పెట్టు, నోటీసు చెయ్యి. ఆఫర్ కోసం ఆగితే ఎప్పటికి ముగుస్తుందో తెలియదు. నోటీసుకు ముగిసే తేదీ ఉంటుంది. పైగా ఇక్కడ రిక్రూటర్లు "ఇమీడియట్ జాయినర్" కావాలంటారు. 90 రోజులు ఇంకా మొదలే కాని వాళ్ళ ప్రొఫైల్ చాలామంది తెరవరు. నోటీసులో నలభై రోజులు అయిపోయాక అదే ప్రొఫైల్‌కి ఫోన్లు వస్తాయి.

---

నల్లకుంట_67 | 15 డిసెంబర్ 2023, మధ్యాహ్నం 12:40

అమ్మా, మీ లెక్క తప్పని అనను. కానీ ఆ తొంభై రోజులు ఆ మనిషి కిందే కదా ఉండాలి? రాజీనామా పెట్టాక ఇంకా పగబడితే? నా ఏడు నెలలు కూడా "ఇంకో రెండు నెలలే" అనే మొదలయ్యాయి.

---

నెల్లూరు_స్టాఫ్‌నర్స్ | 15 డిసెంబర్ 2023, సాయంత్రం 4:20

నేను మెడికల్ వార్డులో పని చేస్తాను. డబ్బు గురించి మాట్లాడను, నాకు తెలిసింది చెప్తాను.

చెల్లీ, క్లినిక్‌లో రెండుసార్లు చూపించింది చాలదు. ఇంట్లో డిజిటల్ మెషిన్ ఒకటి పెట్టుకో. చేతికి కట్టేది తీసుకో, మణికట్టుది వద్దు. నిద్ర లేవగానే టాబ్లెట్ వేసుకోకముందు, మళ్ళీ షిఫ్ట్‌కి వెళ్ళేముందు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని చూసుకో. ప్రతిసారీ రెండు రీడింగులు. వారం రోజులు పుస్తకంలో తేదీతో రాసి డాక్టర్‌కి చూపించు. రాత్రి షిఫ్ట్ చేస్తావు కాబట్టి నీకు "ఉదయం" అంటే సాయంత్రం, ఆ సంగతి ఆయనకి చెప్పు. టాబ్లెట్ ఏ టైమ్‌కి వేసుకోవాలో దాన్ని బట్టే చెప్తారు. సెలవు రోజు రీడింగ్ కూడా రాయి. ఆ రోజు బాగా తగ్గితే నీకే తెలుస్తుంది దేని వల్ల పెరుగుతోందో.

180/120 దాకా వెళ్ళినా, ఛాతీలో నొప్పి, ఒక పక్క తిమ్మిరి, మాట తడబడటం లాంటివి వచ్చినా షిఫ్ట్ లేదు, నోటీసు లేదు. నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళు. తగ్గిందని టాబ్లెట్ నువ్వే ఆపకు.

నిద్ర, దడ గురించి బీపీ చూసే డాక్టర్‌కి సరిగ్గా చెప్పావా? చాలామంది బీపీ ఒక్కటే చెప్పి వచ్చేస్తారు. ఇంకో మాట సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. బతకాలని లేదు అన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వస్తే ఆగొద్దు. టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్, రాత్రి మూడింటికైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

---

కాజీపేట_జంక్షన్ | 15 డిసెంబర్ 2023, సాయంత్రం 7:00

ఈఎస్‌ఐ ఉంది కదా, దాన్ని ఎవరూ చెప్పలేదు. డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే ఏడాదికి 91 రోజులు జీతంలో 70 శాతం ఇంట్లో కూర్చోబెట్టి ఇస్తారు. మా తమ్ముడికి వచ్చింది. నోటీసు 90 రోజులూ అలా గడిపేయొచ్చు.

---

జీతాల_విభాగం | 15 డిసెంబర్ 2023, రాత్రి 8:30

మీ తమ్ముడికి వచ్చింది నిజమే అయ్యుంటుంది. కానీ ఈఎస్‌ఐ నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకి. ఈ అమ్మాయి గ్రాస్ 65,000, ఆమెకి అది లేదు. ఆమెకు ఉన్నది కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్. అది హాస్పిటల్ ఖర్చు ఇస్తుంది, జీతం ఇవ్వదు.

నల్లకుంట గారూ, మీ భయం నాకు అర్థమైంది. అందుకే చెప్తున్నాను, ఆ 90 రోజుల్లో ఆమె చేతిలో సెలవులు ఉన్నాయి. అమ్మా, నీ సిక్ లీవ్, ఎర్న్‌డ్ లీవ్ ఎంత మిగిలిందో చూడు. డాక్టర్ కాగితంతో అనుమతి తీసుకున్న సెలవు నీ సర్వీసును తెంచదు. చెప్పకుండా మానేసిన రోజులతోనే గొడవ వస్తుంది. కొన్ని కంపెనీలు నోటీసులో తీసుకున్న సెలవు మేరకు చివరి తేదీని పొడిగిస్తాయి, అది కూడా లెటర్‌లో చూడు. నీకు పొడిగిస్తే నష్టమేమీ లేదు, గ్రాట్యుటీకి ఇంకో నాలుగు రోజులు కలుస్తాయి.

పీఎఫ్ గురించి కూడా ఒక మాట. మొత్తం ఒకేసారి రాదు. ఉద్యోగం లేకుండా నెల దాటితే 75 శాతం, రెండు నెలలు దాటితే మిగతాది. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే దాని మీద పన్ను పడుతుంది. 50,000 దాటితే ముందే 10 శాతం కోస్తారు. దాన్ని ముట్టుకోకుండా కొత్త కంపెనీకి మార్చుకోవడం మేలు.

---

కొండాపూర్_బస్ | 15 డిసెంబర్ 2023, రాత్రి 9:10

అక్కా సారీ, గ్రాస్ అని రాసి ఉంటుందని నేను అనుకోలేదు. నా లెటర్ కూడా ఇప్పుడే చూశాను, నాదీ గ్రాసే. కానీ నల్లకుంట అన్న చెప్పిందే నాకు ఇంకా కరెక్ట్ అనిపిస్తోంది.

---

ఒంగోలు_మియాపూర్ | 18 డిసెంబర్ 2023, సాయంత్రం 5:30

నర్స్ అక్కా, మీరు అడిగిన ఆలోచన రాలేదు. అడిగినందుకు మాత్రం చాలా థాంక్స్, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మెషిన్ కొన్నాను. మొదటి రెండు రోజులు షిఫ్ట్‌కి ముందు 148/95, 151/97. నిన్న ఆదివారం సెలవు. 132/86. చూసి నమ్మలేక ఇంకోసారి చూశాను.

ఆ అంకె చూశాక ఇంక ఆగలేదు. ఇవాళ మధ్యాహ్నం మెయిల్‌లో రాజీనామా పెట్టాను. మేనేజర్, హెచ్‌ఆర్ ఇద్దరికీ, నా పర్సనల్ మెయిల్‌ని కూడా కాపీలో పెట్టి. చివరి తేదీ 17 మార్చి 2024 అని రాశాను. కారణం "ఆరోగ్యం" అని ఒక్క మాటే. తిట్టాలని చాలా రాసుకున్నాను, పంపేముందు అన్నీ తీసేశాను.

సెలవులు 11 ఉన్నాయి. ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది అక్కా?

---

జీతాల_విభాగం | 18 డిసెంబర్ 2023, రాత్రి 9:45

మంచి పని చేశావు, తేదీ రాయడం మరీ మంచిది.

గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా చివరి పని రోజుతో ఆగిపోతుంది. పేరోల్‌లో పేరు తీసిన రోజే ఇన్సూరెన్స్‌లోనూ తీస్తారు. కాబట్టి అమ్మ కళ్ళ ఆపరేషన్ ఈ మూడు నెలల్లోనే చేయించు. రెండు కళ్ళకీ మధ్య కొన్ని వారాలు ఇమ్మంటారు, అందుకని మొదటిది జనవరిలోనే పెట్టుకో. శుక్లాలకి పాలసీలో విడిగా పరిమితి ఉంటుంది, కంటికి ఇంత అని. ముందే క్లెయిములు చూసే టీపీఏకి ఫోన్ చేసి అడుగు, ఏ లెన్స్ వేయాలో దాన్ని బట్టి తేలుతుంది.

నాన్నది అసలు సమస్య. షుగర్ ఉన్నాయనకి కొత్తగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి ఏళ్ళ తరబడి వెయిటింగ్ పెడతారు. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో గ్రూప్ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఉంటుంది, అప్పుడు ఇప్పటికే గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. దీనికి చివరి రోజుకి నెలన్నర ముందే దరఖాస్తు పెట్టు. ఆఖరి వారంలో అడిగితే ఎవరూ పట్టించుకోరు.

---

ఒంగోలు_మియాపూర్ | 27 జనవరి 2024, ఉదయం 10:15

అమ్మకి కుడి కన్ను ఆపరేషన్ 19న అయ్యింది. పాలసీలో కంటికి 30,000 పరిమితి ఉంది, మా చేతి నుంచి 6,000 పడింది. రెండోది ఫిబ్రవరి 16న. మొదటి ఆపరేషన్ వారం నాలుగు రోజులు సెలవు తీసుకుని ఒంగోలు వెళ్ళాను. పగలు తిరిగి రాత్రి పడుకున్నాను, ఏడు గంటలు నిద్ర పట్టింది.

నాన్నకి ఇన్సూరెన్స్ వాళ్ళు టెస్టులు చేయించారు. అమ్మానాన్న ఇద్దరికీ కలిపి ఏడాదికి 41,000 అంటున్నారు. కడుపు తరుక్కుపోయింది కానీ తీసుకుంటున్నాను.

ఆఫీసులో మొదటి రెండు వారాలు నరకం. ఆ తర్వాత ఆయనకి నా మీద ఆసక్తి పోయింది, కొత్త లీడ్ మీద పడ్డాడు. ఆ అబ్బాయిని చూస్తే బాధగా ఉంది.

---

ఒంగోలు_మియాపూర్ | 9 ఫిబ్రవరి 2024, సాయంత్రం 4:00

అక్కా, అర్జెంట్. ఇవాళ హెచ్‌ఆర్ పిలిచి, "నీ ఆరోగ్యం చూసి మిగతా నోటీసు మాఫీ చేస్తున్నాం, 16 నుంచి రానక్కర్లేదు, ఓకే అని మెయిల్ పెట్టు" అన్నారు. ప్రాణం లేచి వచ్చినట్టు అయ్యింది. పెట్టేయనా?

---

జీతాల_విభాగం | 9 ఫిబ్రవరి 2024, సాయంత్రం 4:25

ఆగు. పెట్టకు.

మార్చి 8 దాటకుండా పంపితే గ్రాట్యుటీ అడిగే దారి మూసుకుపోతుంది. నెల రోజుల జీతం పోతుంది. 16నే అమ్మకి రెండో ఆపరేషన్, ఆ రోజుకి ఇన్సూరెన్స్ ఉంటుందో ఉండదో కూడా తెలియదు. వాళ్ళు కావాలనే చేస్తున్నారని నేను అనను, చాలాసార్లు పేరోల్ ఖర్చు తగ్గించుకోవడానికే చేస్తారు. నువ్వు "ఓకే" అంటే మాత్రం నీ ఇష్టంతో ముందుగా వెళ్ళినట్టు అవుతుంది.

ఇలా రాయి: నేను ఇచ్చిన నోటీసు 17 మార్చి దాకా, ఆ తేదీ వరకు పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. కంపెనీ నన్ను రావద్దంటే ఆ తేదీ వరకు జీతం ఇచ్చి, రికార్డులో చివరి తేదీ 17 మార్చిగానే ఉంచాలి. అంతే, ఇంకో వాక్యం వద్దు.

---

నల్లకుంట_67 | 9 ఫిబ్రవరి 2024, సాయంత్రం 5:10

నాకైతే ఒప్పుకోమనాలని ఉంది తల్లీ. కానీ 16న అమ్మ ఆపరేషన్ ఉంది కాబట్టి ఈ ఒక్కసారి ఆవిడ మాటే వినమంటాను.

---

ఒంగోలు_మియాపూర్ | 22 మార్చి 2024, మధ్యాహ్నం 12:30

అక్క చెప్పినట్టే రాశాను. మూడు రోజులు జవాబు లేదు, తర్వాత "నోటీసు కొనసాగించు" అన్నారు. అమ్మ రెండో కన్ను అనుకున్న రోజే అయ్యింది. 17న రిలీవ్ అయ్యాను, లెటర్ చేతికి వచ్చింది.

ఫిబ్రవరి 20 తర్వాత ఫోన్లు నిజంగానే మొదలయ్యాయి. ఏడు ఇంటర్వ్యూలు ఇచ్చాను. ఒకటి వచ్చింది, పగటి షిఫ్ట్, చేతికి 52,000. ఆరు వేలు తక్కువ. ఏప్రిల్ 8న చేరాలి. మూడు వారాలు ఖాళీ ఉండాలని నేనే అడిగాను.

బీపీ ఇప్పుడు 128/84 దగ్గర ఉంటోంది. టాబ్లెట్ మాత్రం ఉంది, డాక్టర్ ఇంకా ఆపలేదు. ఫోన్‌లో పాత ఆఫీసు గ్రూప్ రింగ్‌టోన్ లాంటిది వినిపిస్తే ఇప్పటికీ దడ వస్తుంది.

గ్రాట్యుటీ మాత్రం ఇవ్వలేదు. ఐదేళ్ళు నిండలేదు, పైగా పని చేసిన రోజులే లెక్క అంటున్నారు.

---

జీతాల_విభాగం | 22 మార్చి 2024, రాత్రి 8:00

అనుకున్నదే. ఫారం I నింపి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపు, మెయిల్‌లో కూడా పంపు. రసీదు దాచుకో. 30 రోజుల్లో ఇవ్వకపోయినా, కాదన్నా, లేబర్ ఆఫీసులో ఫారం N పెట్టొచ్చు. లాయర్ లేకుండా నువ్వే వెళ్ళొచ్చు. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, రిలీవింగ్ లెటర్, సెలవు అనుమతుల మెయిళ్ళు తీసుకెళ్ళు. గెలుస్తావని మాట ఇవ్వలేను. వారాంతపు సెలవులు కలపాలనే నా వాదన, నేను పని చేసిన చోట అలాగే ఇచ్చాం.

---

ఒంగోలు_మియాపూర్ | 30 జూన్ 2024, సాయంత్రం 6:40

ఫారం Iకి జవాబు రాలేదు. ఫారం N పెట్టాను. మొదటి వాయిదాకి వాళ్ళ తరఫున ఎవరూ రాలేదు. రెండోది ఆగస్టులో. కొత్త ఆఫీసులో సెలవు ఇచ్చారు, ఎందుకని కూడా అడగలేదు.

---

కొత్తగూడెం_88 | 11 జనవరి 2026, ఉదయం 9:30

పాత చర్చ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. అక్కా, మీ గ్రాట్యుటీ ఏమైంది? నాదీ ఇదే పరిస్థితి, ఏడాదిన్నర సర్వీసు. ఇప్పుడు ఏడాదికే గ్రాట్యుటీ అని వాట్సాప్‌లో తిరుగుతోంది, అంటే నేను ఇప్పుడే మానేయొచ్చా?

---

జీతాల_విభాగం | 11 జనవరి 2026, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, ఏడాదికే వచ్చేది ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళకి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో మామూలు ఉద్యోగికి ఐదేళ్ళ మాటే ఉంది. నీ లెటర్‌లో కాంట్రాక్టు ముగిసే తేదీ రాసి ఉందా? ఉంటే నీకు వర్తించవచ్చు, లేకపోతే లేదు.

పైన పీఎఫ్ గురించి నేను రాసింది కూడా 2023 నాటిది, దాన్ని పట్టుకుని లెక్క వేయకు. 2025 అక్టోబర్‌లో ఈపీఎఫ్‌ఓ బోర్డు దాన్ని మార్చాలని నిర్ణయించింది. 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, కానీ మొత్తం మూసేసి తీసుకోవడానికి రెండు నెలల బదులు ఏడాది ఆగాలి. తీసే ముందు పోర్టల్‌లో చూసుకో.

నీ నోటీసు ఎన్ని రోజులు, బదులు కట్టాల్సింది బేసిక్ అని ఉందా గ్రాస్ అని ఉందా, ఆ పేజీ చదివి రాయి. ఒంట్లో ఎలా ఉందో అది కూడా రాయి.